బాల్కనీ బలమంతా పైకడ్డీలోనే

మేడ మీద గది దాటి నాలుగడుగులు బయటికొచ్చిన బాల్కనీని కింద నిలబడి చూస్తే, స్తంభం లేదు, గోడ లేదు. ఒక కొస ఇంటిని పట్టుకుని ఉంటుంది, రెండో కొస గాలిలో ఉంటుంది. ఇలాంటి కట్టడాన్నే ఇంజనీర్లు కాంటిలీవర్ అంటారు. మరి కింద ఏ ఆధారమూ లేనిది ఎలా నిలబడుతోంది?

ఒక చాక్‌పీసు తీసుకోండి. బల్ల అంచు నుంచి సగం బయటికి వచ్చేలా పెట్టి, లోపలి సగాన్ని వేలితో గట్టిగా అదిమి, బయటి కొసను కిందికి నొక్కండి. అది కొస దగ్గర విరగదు, సరిగ్గా బల్ల అంచు దగ్గర విరుగుతుంది. చీలిక మొదలయ్యేది కూడా పైభాగంలోనే. వంగేటప్పుడు పైవైపు సాగుతుంది, కిందివైపు నలుగుతుంది. కాంక్రీటూ అంతే: నలిగే బరువును బాగా తట్టుకుంటుంది కానీ సాగదీస్తే పగులుతుంది. ఆ సాగదీతను ఓర్చుకోవడానికే ఇనుము వేస్తాం.

గది శ్లాబు రెండు వైపులా ఆధారం మీద ఉండి నడుమ కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ ముఖ్యమైన కడ్డీలు అడుగున ఉంటాయి. బాల్కనీలో అంతా తలకిందులు. ముఖ్యమైన కడ్డీలు పైన ఉండాలి, బీము దాటి గది శ్లాబులోకి చాలా దూరం వెళ్లాలి. బాల్కనీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి వెళ్లాలన్నది వాడుకలో ఉన్న లెక్క. చాక్‌పీసును అదిమిన వేలు చేసిన పనిని ఇక్కడ గది శ్లాబు చేస్తుంది.

బరువు ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, అది గోడకు ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కే. నాలుగడుగుల బాల్కనీలో ఒక అడుగు వెడల్పు పట్టీని తీసుకుందాం. శ్లాబు మందం ఐదు అంగుళాలైతే ఆ పట్టీ బరువు సుమారు 120 కిలోలు. అది గోడ నుంచి సగటున రెండడుగుల దూరంలో పనిచేస్తుంది, అంటే 240. ఇప్పుడు అంచున మూడడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ కట్టామనుకోండి. అడుగుకు దాదాపు 80 కిలోలు. కానీ అది నాలుగడుగుల దూరంలో ఉంది, అంటే 320. శ్లాబు కన్నా తేలికైన పిట్టగోడ గోడ మొదట్లో శ్లాబు కన్నా ఎక్కువ పట్టు అడుగుతోంది. ఇటుక బదులు స్టీలు రెయిలింగ్ పెడితే ఈ భారంలో చాలా వరకు తగ్గిపోతుంది.

ఇంత జాగ్రత్తగా లెక్క వేసినా, అసలు దెబ్బ తగిలేది శ్లాబు వేసే రోజున. పైన కట్టిన కడ్డీల మీద కూలీలు తట్టలతో నడుస్తారు. కింద చైర్లు సరిగా లేకపోతే కడ్డీలు అడుగుకు దిగిపోతాయి. ఐదు అంగుళాల శ్లాబులో అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తున ఉండాల్సిన కడ్డీ రెండు అంగుళాలకు దిగితే బలం సగానికి సగం పోయినట్టే. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనిపించదు. సెంట్రింగ్ విప్పడంలోనూ వరుస ఉంది: సపోర్టులను బయటి కొస నుంచి తీస్తూ గోడ వైపు రావాలి.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో వాగు మీదికి చొచ్చుకొచ్చినట్టుండే ఫాలింగ్‌వాటర్ ఇల్లు ప్రపంచప్రసిద్ధం. దాన్ని గీసిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ అంతటివాడు. అయినా 1936లో సెంట్రింగ్ విప్పగానే దాని ప్రధాన వరండా కిందికి దిగింది. యజమాని పెట్టుకున్న ఇంజనీర్లు బీముల్లో ఇనుమును రెట్టింపు చేయించబట్టి నిలిచింది, అదీ చాలలేదు. దశాబ్దాలు గడిచేసరికి సుమారు పదిహేను అడుగుల పొడవు మీద కొస దాదాపు ఏడు అంగుళాలు కుంగింది. 2002లో బలమైన స్టీలు కేబుళ్లు బిగించి దాన్ని నిలబెట్టారు.

మన ఇళ్లలో ప్రమాదం ఇంత నాటకీయంగా బయటపడదు. బాల్కనీ నేల మీద గోడను ఆనుకుని, గుమ్మానికి సమాంతరంగా సాగే చీలికను చూడండి. టైల్స్ వేసి ఉంటే అదే గీతలో పలకల మధ్య సందు విడిపోతుంది. నీళ్లు బయటికి పోయే తూము గోడ వైపు ఉన్నా వాననీరు బయటి అంచునే నిలుస్తోందంటే కొస కుంగిందేమోనని అనుమానించాలి. పిట్టగోడ పక్క గోడతో కలిసే చోట పైకి వెళ్లే కొద్దీ వెడల్పయ్యే సందు కూడా అలాంటి గుర్తే. పైన పడిన చీలికలోంచి వాననీరు నేరుగా ముఖ్యమైన కడ్డీల మీదికే దిగుతుంది కాబట్టి తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది. సిమెంటు పూసి మూసేస్తే చీలిక కనబడకుండా పోతుందే కానీ కడ్డీ బాగుపడదు.

కొత్తగా కడుతున్నవారు కాంక్రీటు పోసే ముందు బాల్కనీ పైకడ్డీలు ఎంత ఎత్తున ఉన్నాయో టేపుతో కొలిపించండి, పోస్తున్నంతసేపూ వాటి మీద నడవడానికి చెక్కలు వేయించండి. ఇప్పటికే ఉన్న బాల్కనీని గదిగా మార్చాలన్నా, అంచున నీళ్ల ట్యాంకు పెట్టాలన్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. పైన చెప్పిన గుర్తుల్లో ఏది కనిపించినా, ఆయన చూసి చెప్పేదాకా ఆ బాల్కనీ మీదికి ఎవరినీ వెళ్లనివ్వకండి.