అంకణా కుదిరినా తప్పే

ఇంటర్ కామర్స్ విద్యార్థికి పరీక్ష హాల్లో చెమటలు పట్టించే క్షణం ఒకటుంది. చిట్టా రాశాడు, ఆవర్జాలో ఖాతాలు తేల్చాడు, అంకణా వేశాడు. డెబిట్ మొత్తం ఒకటి వచ్చింది, క్రెడిట్ మొత్తం ఇంకొకటి వచ్చింది. ఇక మొదటి పద్దు నుంచి వెతుకులాట మొదలు. తప్పు అతనిదైతే ఆ అవస్థకు అర్థం ఉంది. తప్పు ప్రశ్నలోనే ఉంటే, ఎంత వెతికినా దొరకదు. అందుకే అకౌంట్స్ లెక్క తయారు చేసే లెక్చరర్ పని, దాన్ని చేసే విద్యార్థి పనికన్నా పెద్దది. అంకెలన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పేలా ఆయన ముందే కట్టుకోవాలి.

దీనికి ఒక అడ్డదారి ఉంది, చాలామంది తొక్కేదే. నగదు ఇంత, కొనుగోళ్లు ఇంత, అమ్మకాలు ఇంత అని తోచిన నిల్వలు రాసుకోవడం, రెండు వైపులా కూడి తేడాను మూలధనంలో కలిపేయడం. అంకణా వెంటనే కుదురుతుంది. అంకణా ఒక్కటే తయారు చేయమనే చిన్న ప్రశ్నకు అది చాలు. చిట్టా నుంచి మొదలయ్యే లెక్కకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆ నిల్వల వెనుక వ్యవహారాలు లేవు. నగదు నిల్వ 40,200 అని రాసేశాక, సరిగ్గా ఆ అంకెకే తేలే రాబడులూ చెల్లింపులూ అల్లడం మొదటి నుంచి కట్టడంకన్నా కష్టం.

మంచి దారి వ్యవహారాల నుంచి ముందుకు నడవడం. జంటపద్దు విధానంలో ప్రతి వ్యవహారమూ ఒకే మొత్తంతో ఒక ఖాతాకు డెబిట్, మరో ఖాతాకు క్రెడిట్ అవుతుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచోలీ వివరించిన సూత్రమూ ఇదే. అప్పటికే ఇటలీ వర్తకులు దాన్ని వాడుతున్నారు. ప్రతి పద్దూ సమానంగా పుడితే వాటి మొత్తాలు కూడా సమానంగానే ఉంటాయి. అంటే అంకణాను కుదర్చడం ప్రశ్న రాసేవారి పనే కాదు, అది దానంతటదే కుదురుతుంది. ఆయన చూసుకోవలసినవి వేరే ఉన్నాయి.

ఒక లెక్క కట్టి చూద్దాం. రమణ అనే ఊహా వ్యాపారి ఏప్రిల్ 1న 50,000 రూపాయల నగదుతో బట్టల కొట్టు తెరిచాడు. 2న 8,000కు ఫర్నిచర్ కొన్నాడు. 4న గోపి దగ్గర 30,000 సరుకు అరువు తెచ్చాడు. 7న నగదు అమ్మకాలు 12,000. 10న సీతకు 20,000 సరుకు అరువుకిచ్చాడు. 15న గోపి బాకీలో 20,000 తీరేలా 19,500 చెల్లించాడు, మిగిలిన 500 డిస్కౌంట్ వచ్చింది. 20న సీత 14,700 కట్టింది, ఆమెకు 300 డిస్కౌంట్ ఇచ్చాడు. 25న సొంతానికి 3,000 వాడుకున్నాడు. 28న అద్దె 2,000, 30న జీతాలు 4,000 ఇచ్చాడు. ఆవర్జాలో ఖాతాలన్నీ తేల్చితే నెలాఖరు అంకణా ఇలా వస్తుంది.

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| నగదు | 40,200 | |
| ఫర్నిచర్ | 8,000 | |
| కొనుగోళ్లు | 30,000 | |
| సీత | 5,000 | |
| ఇచ్చిన డిస్కౌంట్ | 300 | |
| సొంతవాడకాలు | 3,000 | |
| అద్దె | 2,000 | |
| జీతాలు | 4,000 | |
| మూలధనం | | 50,000 |
| అమ్మకాలు | | 32,000 |
| గోపి | | 10,000 |
| వచ్చిన డిస్కౌంట్ | | 500 |
| మొత్తం | 92,500 | 92,500 |

ఎవరూ ఎక్కడా అంకె సర్దలేదు. ఇక అసలు పరీక్ష. ఇందులో ఒక్క అంకె మార్చి చూడండి. సీత కట్టింది 14,700 బదులు 24,700 అని అచ్చయిందనుకుందాం. విద్యార్థి నగదుకు 24,700 డెబిట్ చేస్తాడు, సీతకు అంతే క్రెడిట్ చేస్తాడు. అంకణా ఈసారి 97,500 దగ్గర చక్కగా కుదురుతుంది. కానీ 20,000 సరుకు తీసుకున్న సీత డిస్కౌంట్‌తో కలిపి 25,000 తీర్చినట్టయింది. బాకీ పడాల్సిన మనిషికి కొట్టువాడే 5,000 బాకీ పడ్డాడు! ముందుగా బయానా ఇచ్చిందని అనుకుందామంటే, బయానా మీద డిస్కౌంట్ ఎవరిస్తారు? తెలివైన విద్యార్థి ఇక్కడే ఆగి తన లెక్కను అనుమానిస్తాడు. పట్టించుకోనివాడు హాయిగా ముందుకు వెళ్లిపోతాడు. ప్రశ్నపత్రానికి ఇంతకన్నా పెద్ద అన్యాయం లేదు.

కాబట్టి అంకణా వేసే ముందే తారీఖు తారీఖుకీ ప్రతి ఖాతా నిల్వ చూసుకోవాలి. నగదు నిల్వ ఏ రోజూ సున్నా కిందికి పోకూడదు. రమణ దగ్గర నగదు అన్నిటికన్నా తగ్గింది 15న, అప్పుడు కూడా 34,500 ఉంది. కొన్నవాడు బాకీకి మించి కట్టకూడదు, అమ్మినవాడికి అప్పుకు మించి చెల్లించకూడదు. సరుకు రాకముందే అమ్మకం జరగకూడదు. గోపి దగ్గర కొనుగోలు తారీఖును పొరపాటున 12కు జరిపితే, 7న అమ్మిన బట్టలు ఎక్కడివో ఎవరూ చెప్పలేరు. అంకణాకు మాత్రం తారీఖులతో పని లేదు.

ముగింపు సరుకు దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. మామూలుగా అది అంకణాలో ఉండదు, ప్రశ్న కింద సర్దుబాటుగా ఇస్తారు. వర్తకపు ఖాతాలో క్రెడిట్ వైపు, ఆస్తి అప్పుల పట్టికలో ఆస్తుల వైపు అదే అంకె కూర్చుంటుంది. అందువల్ల ఏ అంకె ఇచ్చినా పట్టిక కుదిరిపోతుంది. రమణ లెక్కలో ముగింపు సరుకు 34,000 అని రాస్తే స్థూల లాభం 36,000 వస్తుంది, పట్టిక రెండు వైపులా 87,120 దగ్గర కలుస్తుంది. కొన్నదే 30,000, అమ్మింది 32,000. కొన్నదానికన్నా ఎక్కువ సరుకు మిగిలింది, అమ్మినదానికన్నా ఎక్కువ లాభం వచ్చింది! కూడికలు, తీసివేతలు మాత్రం పొల్లుపోకుండా ఉన్నాయి.

ప్రశ్న రాసేవారు అందుకే ముందుగా లాభం శాతం ఎంచుకుంటారు. కొన్న ధర మీద 25 శాతం వేసి అమ్మాడనుకుంటే, 32,000 అమ్మకాల వెనుక సరుకు ఖరీదు 25,600. మిగిలింది 4,400. ముగింపు సరుకు ఇదే కావాలి. స్థూల లాభం 6,400. ఫర్నిచర్‌పై సంవత్సరానికి 12 శాతం తరుగుదల వేస్తే ఒక నెలకు 80. 10 శాతం అని రాసి ఉంటే 66 రూపాయల 67 పైసలు వచ్చి, విద్యార్థి తన గుణకారాన్ని రెండుసార్లు చూసుకునేవాడు. డిస్కౌంట్లు, అద్దె, జీతాలు, తరుగుదల అన్నీ పోయాక నికర లాభం 520. మూలధనంలో దాన్ని కలిపి సొంతవాడకాలు తీసేస్తే 47,520, గోపి బాకీ 10,000 కలిపితే 57,520. అవతల నగదు 40,200, ఫర్నిచర్ 7,920, సీత 5,000, సరుకు 4,400 కలిపినా 57,520. కొత్త కొట్టు మొదటి నెలలో 520 మిగిలిందంటే నమ్మవచ్చు.

ఈ పనిని కంప్యూటర్ స్ప్రెడ్‌షీట్‌లో చేసుకునేవారికి ఒక చిట్కా. డెబిట్ మొత్తానికో గడి, క్రెడిట్ మొత్తానికో గడి పెట్టుకోవద్దు. వరుసకు ఒకే మొత్తం ఉండాలి. B గడిలో డెబిట్ ఖాతా, C గడిలో క్రెడిట్ ఖాతా, D గడిలో మొత్తం పెడితే, అసమానంగా పద్దు రాయడానికి వీలే ఉండదు. డిస్కౌంట్‌తో వచ్చే ఉమ్మడి పద్దును రెండు వరుసలుగా విడగొట్టాలి. అప్పుడు గోపి ఖాతా నిల్వను ఈ ఒక్క సూత్రం తేలుస్తుంది:

```
=SUMIF(B:B,"గోపి",D:D)-SUMIF(C:C,"గోపి",D:D)
```

జవాబు -10,000 వస్తే అది క్రెడిట్ నిల్వ. ఏ అంకె మార్చినా నిల్వలన్నీ వెంట మారతాయి. మారిన అంకెను ప్రశ్నలో దిద్ది, జవాబులో దిద్దడం మరిచిపోయే జబ్బుకు ఇదే మందు.

ఇంతా కుదిరిన లెక్కను కావాలని చెడగొట్టడం తర్వాతి మెట్టు. తప్పుల సవరణ ప్రశ్నలు ఇలాగే పుడతాయి. గోపికి చెల్లించిన 19,500ను అతని ఖాతాలో 15,900గా నమోదు చేశారనుకుందాం. గోపి క్రెడిట్ నిల్వ 13,600 అవుతుంది, అంకణాలో క్రెడిట్ వైపు 3,600 ఎక్కువవుతుంది. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుందని అకౌంటెంట్లకు తెలుసు. రెండో తప్పుగా, వచ్చిన డిస్కౌంట్ 500ను డెబిట్ వైపు రాశారనుకుందాం. తప్పు వైపు రాస్తే తేడా రెట్టింపు, అంటే 1,000. ఈ రెండూ కలిశాక డెబిట్ 93,000, క్రెడిట్ 95,600. తేడా 2,600ను అనామతు ఖాతాలో డెబిట్ నిల్వగా పెడతారు. ఆ 2,600 తొమ్మిదితో భాగించబడదు, దానిలో సగం 1,300 ఏ పద్దులోనూ లేదు. రెండు తప్పులు కలిసి ఒకదాని జాడ ఒకటి చెరిపేశాయి. అందుకే తప్పులేమిటో ప్రశ్నలోనే చెప్పి, సవరణ పద్దులు మాత్రం అడగడం న్యాయం.

మూడో తప్పుగా ఫర్నిచర్ 8,000ను కొనుగోళ్ల ఖాతాకు రాశారని చేర్చవచ్చు. అది డెబిట్ నుంచి డెబిట్‌కే జరిగింది కాబట్టి అంకణాను కదిలించదు, అనామతు ఖాతా జోలికి రాదు. విద్యార్థికి నిజంగా తెలుసో లేదో తేల్చేది ఈ పద్దే. మొదటి సవరణలో గోపికి డెబిట్, అనామతుకు క్రెడిట్ 3,600. రెండోదానిలో అనామతుకు డెబిట్, వచ్చిన డిస్కౌంట్‌కు క్రెడిట్ 1,000. అనామతు ఖాతాలో డెబిట్ వైపు 2,600, 1,000 కలిపి 3,600, క్రెడిట్ వైపు 3,600. ఖాతా మూసుకుపోయింది. ఇక్కడ 2,600ను ముందు అనుకుని దానికి తగ్గ తప్పులు వెతికితే పప్పులో కాలేసినట్టే. తప్పులు ముందు రాసుకోవాలి, అనామతు నిల్వ వాటి నుంచే రావాలి.

ప్రశ్న అచ్చుకు వెళ్లే ముందు ఇంకొక పని మిగిలి ఉంటుంది. జవాబు పత్రం చూపించకుండా, ప్రశ్న ఒక్కటే ఇచ్చి మరో లెక్చరర్‌తో చేయించాలి. ఆయన వేసిన అంకణా ఒక్కటే కలిస్తే సరిపోదు, ఆయన తేల్చిన ప్రతి ఖాతా నిల్వా రాసినవారి నిల్వతో కలవాలి.