మాటిచ్చినందుకు ప్రీమియం

ఒక షేరు మీకు నచ్చింది. ఇవాళ ధర 420 రూపాయలు. కంపెనీ మంచిదే, కానీ 400 దగ్గరైతే కొనాలనిపిస్తోంది. మామూలుగా ఏం చేస్తాం? 400కి ఆర్డరు పెట్టి కాచుకుంటాం. ధర దిగితే షేరు వస్తుంది, దిగకపోతే డబ్బు ఖాతాలోనే ఉంటుంది. అలా కాచుకున్న నెలకు మనకెవరూ పైసా ఇవ్వరు. క్యాష్ సెక్యూర్డ్ పుట్ అనే పద్ధతిలో మాత్రం ఆ ఎదురుచూపుకు డబ్బు ముందే చేతికొస్తుంది.

ఎవరిస్తారు, ఎందుకిస్తారు? కోల్డ్ స్టోరేజీలో మిర్చి దాచుకున్న గుంటూరు రైతు ఒకాయన మీ దగ్గరికొచ్చి, “నెల తర్వాత రేటు ఎంత పడిపోయినా సరే, మనం అనుకున్న ధరకి మీరు కొనాలి. అలా మాటిస్తే క్వింటాకు ఇంతని ఇప్పుడే ఇచ్చేస్తాను” అన్నారనుకోండి. రేటు బాగుంటే ఆయన యార్డులో అమ్ముకుంటారు, మీకిచ్చిన డబ్బు మీదే. రేటు పడితే సరుకు మీ ఇంటికొస్తుంది. షేర్లలో ఈ ఒప్పందమే పుట్ ఆప్షన్. కొన్నవారికి అమ్మే హక్కు, అమ్మినవారికి కొనే బాధ్యత. ఒప్పుకున్న ధర స్ట్రైక్, ముందే ముట్టిన డబ్బు ప్రీమియం. షేరు కొనడానికి కావలసిన మొత్తం డబ్బు పక్కన పెట్టుకుని పుట్ అమ్మితే అది క్యాష్ సెక్యూర్డ్ పుట్ అవుతుంది.

మన 420 రూపాయల షేరు మీదే లెక్క చూద్దాం. ఆప్షన్లు ఒక్కొక్క షేరుగా దొరకవు, లాట్ లెక్కన ఉంటాయి. ఈ షేరు లాట్ 1,500 అనుకుందాం. నెల గడువు ఉన్న 400 పుట్ ధర 5 రూపాయలు. ఒక లాట్ అమ్మితే 7,500 రూపాయలు మీ ఖాతాలో పడతాయి. పక్కన పెట్టుకోవలసింది 400 చొప్పున 1,500 షేర్లకు 6 లక్షలు. గడువు రోజు షేరు 400కి పైన ముగిస్తే ఒప్పందం తీరిపోయింది, 7,500 మిగిలింది. 385 దగ్గర ముగిస్తే 400 చొప్పున 1,500 షేర్లు మీ డీమ్యాట్‌కి వస్తాయి. ప్రీమియం తీసేస్తే మీకు పడిన ధర 395. ఆ రోజు మార్కెట్ ధరతో పోలిస్తే 15,000 నష్టంలో ఉన్నా, 400కి కొనాలనుకున్న షేరు 395కి వచ్చింది. పైగా ఆ 6 లక్షలు నెలరోజులు లిక్విడ్ ఫండ్‌లో ఉండవచ్చు. కాకపోతే గడువుకు ముందే వాటిని డబ్బుగా మార్చుకోవాలి. యూనిట్లు తాకట్టులో ఉంటే విడిపించుకోవడానికి మరికొంత సమయం పడుతుంది.

ఇక్కడే మన దేశంలో చాలామంది దారి తప్పే మలుపు ఉంది. పుట్ అమ్మేటప్పుడు బ్రోకర్ స్క్రీన్ 6 లక్షలు అడగదు. లక్షో, లక్షన్నరో మార్జిన్ చాలంటుంది. చేతిలో 6 లక్షలున్న మనిషికి నాలుగు లాట్లు అమ్మవచ్చు కదా అనిపిస్తుంది. ప్రీమియం 30,000 వస్తుంది, నిజమే. షేరు పడితే మాత్రం 24 లక్షల రూపాయల షేర్లు కొనాల్సి వస్తుంది. ఒకప్పుడు గడువు రోజు తేడా డబ్బు కట్టేస్తే సరిపోయేది. 2019 అక్టోబరు నాటికి అన్ని షేర్ల ఆప్షన్లలోనూ షేర్లు ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరైంది. అందుకే పుట్ అమ్మేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ లాట్ మొత్తం రేపే నా చేతికొస్తే కొనే డబ్బు ఉందా? లేకపోతే అది అప్పుతో ఆడే ఆటే, ‘క్యాష్ సెక్యూర్డ్’ అన్న పేరు దానికి చెల్లదు.

డబ్బు పూర్తిగా ఉన్నా, ఆర్డరు పెట్టి కాచుకోవడానికీ పుట్ అమ్మడానికీ రెండు తేడాలున్నాయి. మొదటిది గడువుకు సంబంధించింది. మన షేర్ల ఆప్షన్లు గడువు రోజునే అమలవుతాయి. నెల మధ్యలో షేరు 390కి దిగి, చివరికి 425కి చేరిందనుకోండి. 400 ఆర్డరు పెట్టినవారికి షేరు దొరికింది. పుట్ అమ్మినవారికి ప్రీమియం తప్ప ఏమీ రాలేదు. అమెరికాలో షేరు ఆప్షన్లకు లాట్ 100 షేర్లే. పుట్ కొన్నవారు ఏ రోజైనా షేర్లు మనకు అప్పజెప్పవచ్చు. అక్కడ ఉంటున్న మన పిల్లలు చెప్పే అనుభవం ఇక్కడ అచ్చంగా అలాగే జరగకపోవడానికి ఇదొక కారణం.

రెండో తేడా ఇంకా పెద్దది. 2025 మార్చి 10న ఇండస్‌ఇండ్ బ్యాంకు షేరు 900 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం మార్కెట్ మూసిన తర్వాత, డెరివేటివ్‌ల లెక్కల్లో తేడాలు బయటపడ్డాయనీ, నికర విలువలో దాదాపు 2.35 శాతం మేర ప్రభావం ఉండవచ్చనీ బ్యాంకు వెల్లడించింది. మర్నాడు షేరు 27 శాతం పడి 656 దగ్గర ఆగింది. 850కి కొందామని అనుకున్న ఇద్దరిని ఊహించుకోండి. ఆర్డరు పెడదామనుకున్నవారు రాత్రి వార్త చదివి, ఇప్పుడు వద్దులే అని ఊరుకుంటారు. 850 పుట్ అమ్మినవారికి ఆ అవకాశం లేదు. మర్నాడు మార్కెట్ ముగిసేసరికి ఆ పుట్‌ని తిరిగి కొనడానికే షేరుకు వంద రూపాయలు దాటి పెట్టాలి. తీసుకున్న ప్రీమియం పదో పదిహేనో అయితే ఆ నష్టం ముందు అది ఏ మూలకు? మనసు మార్చుకునే వీలు వదులుకున్నందుకే ప్రీమియం ముట్టింది. దాన్ని వడ్డీ లాంటి ఆదాయంగా లెక్కేసుకోవడమే నాకు భయం కలిగించే పొరపాటు.

1993లో వారెన్ బఫెట్ కోకా-కోలా షేర్ల మీద ఇలాగే పుట్లు అమ్మారు. షేరు సుమారు 40 డాలర్లు ఉండగా, 35 డాలర్ల స్ట్రైక్‌కి, షేరుకు డాలరున్నర చొప్పున. 50 లక్షల షేర్లకు 75 లక్షల డాలర్లు వచ్చాయి. ధర 35కి దిగలేదు, డబ్బు మిగిలింది. దిగి ఉంటే? ఆయన కంపెనీ దగ్గర అప్పటికే 9 కోట్లకు పైగా కోకా-కోలా షేర్లున్నాయి. ఇంకాస్త తక్కువకు వస్తే సంతోషంగా కొనే మనిషి ఆయన. పుట్ అమ్మడానికి ఇంతకన్నా సరైన కారణం నాకు కనిపించదు.

అందుకే స్ట్రైక్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం చివరన చూడండి. ఒకే రకం కంపెనీల్లో ఒకదాని పుట్‌కి ప్రీమియం బాగా ఎక్కువగా కనిపిస్తే, గడువులోపు త్రైమాసిక ఫలితాలో, కోర్టు తీర్పో ఉందేమో వెతకండి. చాలాసార్లు ఉంటుంది. దూరపు స్ట్రైకుల్లో కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య రూపాయి, రెండు రూపాయల తేడా ఉంటుంది. అక్కడ మీ ధర మీరే వేసి ఆర్డరు పెట్టాలి. షేర్లు డెలివరీకి వస్తే కొందరు బ్రోకర్లు మామూలుకన్నా ఎక్కువ బ్రోకరేజీ తీసుకుంటారు. అదీ ముందే కనుక్కోవాలి. ఆప్షన్ల ఆదాయం వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది కాబట్టి, జీతగాళ్లు కూడా రిటర్ను ఐటీఆర్-3లో వేయాలి.

ఇక గడువులోపు కంపెనీ మీద మీ అభిప్రాయం మారితే, అమ్మిన పుట్‌ని ఆ రోజు ధరకి తిరిగి కొనేయడమొక్కటే దారి. 5 రూపాయలకు అమ్మినది 14కి కొనాల్సి వచ్చినా, ఆ 13,500 నష్టం కట్టి బయటపడటం, ఇక వద్దనుకున్న షేర్లను 6 లక్షలు పోసి ఇంటికి తెచ్చుకోవడం కన్నా మేలు.