సర్వీసు ఆగిపోతే కస్టమర్‌కు ఏం చెప్పాలి?

2022 ఏప్రిల్ 5న అట్లాసియన్ అనే ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక స్క్రిప్ట్ నడిపింది. ఈ కంపెనీ పేరు అందరికీ తెలియకపోవచ్చు కానీ, ఎవరి పని ఎంతవరకూ వచ్చిందో చూసుకునే దాని జిరా ప్రోగ్రామ్ హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు బాగా పరిచయం. కస్టమర్ల సైట్లలో మిగిలిపోయిన ఒక పాత యాప్‌ను తీసేయడమే ఆ స్క్రిప్ట్ పని. తీసేయాల్సిన యాప్‌ల నంబర్లు ఇవ్వాల్సిన చోట సైట్ల నంబర్లే ఇచ్చారు. మన టైము ప్రకారం మధ్యాహ్నం 1:08 నుంచి 1:31 లోపు 883 సైట్లు చెరిగిపోయాయి. అవి 775 మంది కస్టమర్లవి. అందరి సైట్లూ తిరిగొచ్చేసరికి ఏప్రిల్ 18 అయింది.

సైట్ల బ్యాకప్‌లు భద్రంగానే ఉన్నాయి. సమాచారం చెప్పడంలోనే ఆ కంపెనీ బాగా వెనకబడింది.

సైటుతో పాటు దాన్ని చూసుకునే అడ్మిన్ల ఈమెయిళ్లూ పోయాయి. ఎవరికి చెప్పాలో కంపెనీకే తెలియలేదు. కస్టమరే ఫిర్యాదు చేద్దామన్నా ఫారంలో సైటు చిరునామా ఇవ్వాలి, ఆ సైటేమో లేదు. ఇక రెండో కారణం, పూర్తి వివరం తేలాక చెబుదామని ఆగడం. కంపెనీ సాంకేతిక విభాగాధిపతి జరిగినదంతా బహిరంగంగా వివరించింది ఏప్రిల్ 12న, అంటే వారం తర్వాత. అప్పటిదాకా స్టేటస్ పేజీలో వచ్చిన పొట్టి మాటలతో కస్టమర్ తన బాస్‌కు ఏం జవాబు చెప్పుకోగలడు?

ఆ మధ్యాహ్నమే ఇలా రాసి ఉండవచ్చని నా అభిప్రాయం:

‘ఈ రోజు మధ్యాహ్నం 1:08 నుంచి కొందరు కస్టమర్ల సైట్లు తెరుచుకోవడం లేదు. మేం నడిపిన ఒక స్క్రిప్ట్ వల్ల అవి చెరిగిపోయాయి. ఇది బయటివారి దాడి కాదు. బ్యాకప్‌లు ఉన్నాయి, వాటి నుంచి సైట్లు తిరిగి నిలబెడుతున్నాం. ఎంత సమయం పడుతుందో ఇంకా తేలలేదు. కొత్త విషయం ఉన్నా లేకపోయినా 3:30కు మళ్లీ రాస్తాం. మీ సైటు తెరుచుకోకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, సైటు చిరునామా అక్కర్లేదు.’

ఇందులో ముఖ్యమైనది 3:30 అన్న మాట. ఎప్పటికి బాగవుతుందో మన చేతుల్లో లేదు, మళ్లీ ఎప్పుడు చెబుతామన్నది మన చేతుల్లోనే ఉంది. ఆ టైము తెలిస్తే కస్టమర్ నిమిషానికోసారి ఫోన్ చేయడు, తన పని మరోలా నడుపుకుంటాడు. అందుకే 3:30కు చెప్పడానికేమీ లేకపోయినా, లేదనే రాయాలి. కారణం మాత్రం ఖాయమైతేనే చెప్పాలి. అంతవరకూ ఏం పనిచేయడం లేదో చెబితే చాలు. ‘కొద్దిమందికి స్వల్ప అంతరాయం’ అని మాత్రం రాయకూడదు. ఆ కొద్దిమందికి ఆఫీసు మొత్తం ఆగిపోయింది.

ఎప్పటికి బాగవుతుందంటే తొందరపడి మాట ఇచ్చేయాలనిపిస్తుంది. ఇక్కడ అది ప్రమాదం. అట్లాసియన్‌లో చాలామంది కస్టమర్ల డేటా కలిసే ఉంటుంది. బ్యాకప్‌ను మొత్తంగా వెనక్కి తెస్తే, చెరిగిపోని వారి కొత్త పని కూడా పోతుంది. అందుకే ఒక్కొక్కరి డేటా విడిగా తీసి పెట్టాల్సి వచ్చింది. మొదట్లో ఒక్కో విడతకు సుమారు 48 గంటలు పట్టేది, పద్ధతి మార్చాక 12 గంటలకు వచ్చింది. మొదటి రోజు ఎవరు ఏ తేదీ చెప్పినా అది ఊహే అయ్యేది. ‘సైట్లు ఒక్కొక్కటిగా తేవాలి, కాబట్టి గంటలు కాదు, రోజులు పట్టవచ్చు. మొదటి విడత అయ్యాక అంచనా చెబుతాం’ అనడం నిజం, కస్టమర్‌కు ఉపయోగం కూడా. అది వింటే కనీసం ఆ వారానికి పనిని ఒక ఎక్సెల్ షీటులోకైనా మార్చుకుంటారు.

సైటు వచ్చాక చివరి సందేశం ఒకటి బాకీ ఉంటుంది. ఏ సమయం వరకూ ఉన్న డేటా దొరికింది, మధ్యలో ఏం పోయింది, కస్టమర్ దేన్ని సరిచూసుకోవాలి అన్నవి అందులో ఉండాలి. చాలామంది ‘సమస్య పరిష్కారమైంది, ధన్యవాదాలు’ అని ముగిస్తారు. పోయిన కాస్త డేటా సంగతి కస్టమర్ నెల తర్వాత తానే కనిపెడితే ఇక ఆ కంపెనీ మాట నమ్మడు.

ఆ నెలాఖరున అట్లాసియన్ సుదీర్ఘమైన నివేదిక ప్రచురించింది. తొందరగా, విస్తృతంగా చెప్పి ఉండాల్సిందని ఒప్పుకుంది. కస్టమర్ల సంప్రదింపు వివరాలను ఇకపై సైటుకు బయట విడిగా భద్రపరుస్తామంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ అయినా, స్కూళ్లకు ఫీజుల యాప్ నడిపేవారైనా ఆ పని ఈ వారమే చేయండి. కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా ఒకటి మీ సర్వర్‌తో సంబంధం లేని చోట ఉంచండి.