మూడు ప్యాకేజీలు, మూడు ధరలు

ఫైవర్‌లో సేవలు అమ్మేవారు ఒకే పనిని బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అనే మూడు ప్యాకేజీలుగా పెట్టవచ్చు. ఒక్కోదానికి ధర, గడువు, ఎన్ని సవరణలు చేసిస్తారో విడివిడిగా చెప్పాలి. జాబితాలో కొనేవారి కంటికి ముందు పడేది బేసిక్ ధరే. అందుకని చాలామంది దాన్ని బాగా తగ్గించి, అవసరమైన పనినంతా పై ప్యాకేజీల్లో పెడతారు. అది సరికాదు. బేసిక్ చిన్నదైనా దానంతట అది పనికొచ్చేదిగా ఉండాలి. ఎక్కువమందికి నిజంగా కావలసింది మాత్రం స్టాండర్డ్‌లో ఉండాలి. కనుక ముందుగా రూపొందించవలసింది స్టాండర్డ్‌నే.

యూట్యూబ్ వీడియోలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవారిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వచ్చే వీడియోలు ఎక్కువగా 10 నుంచి 15 నిమిషాలవి అనుకుంటే, స్టాండర్డ్ హద్దు 15 నిమిషాలు. దానికి 4 గంటలు పడుతుంది. ఫైవర్ 20 శాతం కమీషన్ పట్టుకుంటుంది కాబట్టి 40 డాలర్ల ధరలో చేతికొచ్చేది 32, అంటే గంటకు 8 డాలర్లు. బేసిక్‌లో 5 నిమిషాల వీడియోకు మాటామంతీతో కలిపి గంటన్నర పడుతుంది. 15 డాలర్లకు మిగిలే 12తో అదే 8 గిట్టుతుంది. ప్రీమియంలో 30 నిమిషాల వీడియోకు తెలుగుతోపాటు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లూ ఇస్తే పని 13 గంటలు, ధర 130. ఇక్కడా గంటకు 8 డాలర్లే.

గంట లెక్క కుదిరినంత మాత్రాన సరిపోదు. 15 నిమిషాల వీడియో ఉన్నవారు మూడు బేసిక్‌లు కొంటే 45 డాలర్లవుతుంది, స్టాండర్డ్ 40కే వస్తుంది; మాటామంతీ ఒక్కసారితో తీరడం వల్లే ఆ తగ్గింపు సాధ్యం. అదే స్టాండర్డ్ ధర 50 అయితే కొనేవారు బేసిక్‌నే మూడుసార్లు తీసుకుంటారు. రెండు స్టాండర్డ్‌లు 80 డాలర్లే కనుక, ప్రీమియంకు అదనంగా పెట్టే 50 ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లకేనని వివరణలో స్పష్టంగా కనబడాలి. లేకపోతే ఆ ధర అన్యాయంగా తోస్తుంది.

ప్రీమియంను పెద్దదిగా చూపడానికి అపరిమిత సవరణలు రాయకపోవడమే మంచిది. ఒక్క కొనుగోలుదారు పదేపదే మార్పులు అడిగితే 13 గంటల లెక్క తలకిందులవుతుంది. త్వరగా కావాలనేవారికి ఆ సేవను ప్యాకేజీలో కలపకుండా విడి అదనంగా అమ్మవచ్చు. తొందరలేనివారు దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

హద్దులు సరిగా ఉన్నాయో లేదో వచ్చే ఆర్డర్లే చెబుతాయి. అందరూ బేసిక్‌నే కొని ఊరుకుంటే అందులో అవసరానికి మించి ఇస్తున్నట్టు. 18 నిమిషాల వీడియోకు ప్రత్యేక ధర చెప్పమని తరచూ సందేశాలొస్తుంటే స్టాండర్డ్ హద్దు తక్కువైనట్టు. దాన్ని 20 నిమిషాలకు పెంచి, పెరిగిన గంటల మేరకు ధర మార్చాలి.