సుత్తి ఉండగా పుల్లర్ ఎందుకు?

ఇంజినీరింగ్ కాలేజీ హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో పంపు నడిపే మోటారు బేరింగ్ పట్టేసింది. గేర్ పుల్లర్ కొనిపెట్టమని ల్యాబ్ అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టుకున్నాడు. ఇలాంటి కాగితాలు చాలావరకు “అవసరమైనది, మంజూరు చేయగలరు” అన్న మాటతో ముగిసి, బీరువాలోనే ఉండిపోతాయి. ఇతను మాత్రం ప్రిన్సిపాల్ అడగబోయే ప్రశ్నను తానే వేసుకున్నాడు: “ఎలాగూ పారేసే బేరింగే కదా, సుత్తితో కొడితే ఏం పోయింది సార్ అనవచ్చు. పోయేది బేరింగ్ కాదండి, షాఫ్ట్.”

ఆ మాటలో నిజముంది. అతని మోటారులో ఉన్నది 6205 బేరింగ్. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత తెలుస్తుంది, అంటే 25 మిల్లీమీటర్లు. షాఫ్ట్ దానికన్నా మిల్లీమీటరులో వందోవంతు అటూఇటూగా లావు ఉంటుంది. ఆ బిగువుకు తుప్పు తోడైతే ఇక చేత్తో కదలదు. ఉలి పెట్టి కొడితే దెబ్బ ఒకవైపే పడి, రింగు ఏటవాలుగా ఇరుక్కుంటుంది. ఉలి జారితే షాఫ్ట్ మీద గాటు పడుతుంది, దాని అంచు పైకి లేస్తుంది. దానిమీద కొత్త బేరింగ్ తిన్నగా కూర్చోదు. నెల తిరక్కుండానే మళ్లీ గురగుర మొదలవుతుంది. రెండో కొసన ఉన్న మంచి బేరింగ్‌కూ ఆ దెబ్బలు తగిలి, గోళీల దారిలో సొట్టలు పడతాయి.

పుల్లర్ కొట్టదు, లాగుతుంది. మూడు కాళ్ల కొక్కేలు బేరింగ్ లోపలి రింగు వెనక పట్టుకుంటాయి. నడిమి స్క్రూ మొన షాఫ్ట్ కొసన ఉన్న సెంటర్ గుంటలో ఆనుతుంది. స్పానర్‌తో తిప్పేకొద్దీ రింగు అన్నివైపులా సమానంగా జరుగుతుంది.

కొలతల దగ్గరే అర్జీ అసలు పనితనం కనిపిస్తుంది. బేరింగ్ బయటి వ్యాసం 52 మి.మీ. కాబట్టి 4 అంగుళాల పుల్లర్ చాలనిపిస్తుంది. కానీ షాఫ్ట్ కొస నుంచి బేరింగ్ వెనక అంచు దాకా 70 మి.మీ. ఉంది. కాళ్లు అంతకన్నా పొడవుండాలి. దుకాణంలో చాలామంది వెడల్పు చూసి కొంటారు, పొడవు చూడరు. రోటరుకూ బేరింగ్‌కూ మధ్య సందు తక్కువైతే మందపాటి కొక్కెం దూరదు. అందుకే రెండు ముక్కలుగా వచ్చే బేరింగ్ సెపరేటర్‌ను కూడా కొటేషన్‌లో చేర్చమన్నాడు.

పుల్లరుంటే అన్నీ ఊడివస్తాయని కూడా అతను రాయలేదు. మొండికేస్తే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాలి. స్పానర్‌కు పైపు తొడిగి బలవంతం చేస్తే కొక్కెం విరిగి ఎగరొచ్చు. కాబట్టి కళ్లద్దాలూ జాబితాలో ఉన్నాయి, తిప్పేటప్పుడు విద్యార్థులు స్క్రూకు ఎదురుగా నిలబడకూడదన్న షరతుతో సహా.