మంచం చుట్టూ ఉన్నదీ రాయాలి

మంచానపడ్డ మనిషిని ఇంటికి వెళ్లి చూసి వచ్చిన నర్సు కేస్ షీటులో తరచూ కనిపించే నాలుగు వాక్యాలు ఇవి: 'రోగి పరిస్థితి అలాగే ఉంది. బెడ్‌సోర్ మానలేదు. డ్రెస్సింగ్ చేశాం. ఇంట్లోవాళ్లకు తగిన సలహాలు ఇచ్చాం.' వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా రెండు వారాల తర్వాత ఆ ఇంటికి మరో నర్సు వెళితే ఈ కాగితం ఆమెకు ఏ విధంగానూ పనికిరాదు. పుండు ఎందుకు మానలేదో అందులో లేదు.

ఆసుపత్రిలో కేస్ షీటు రాసే పద్ధతికి ఒక పేరున్న వరుస ఉంది. రోగి చెప్పింది, మనం చూసింది, మన అంచనా, చేయబోయేది అనే నాలుగు భాగాలు. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1960లలో రూపొందించిన ఈ పద్ధతినే నేటికీ మన కాలేజీల్లో నేర్పుతున్నారు. మంచి పద్ధతే. కాకపోతే అది ఆసుపత్రి కోసం పుట్టింది. వార్డులో మంచం ఎత్తు ఎంత, కరెంటు ఉందా, రాత్రి ఎవరు లేస్తారు, గాజుగుడ్డ ఎన్ని రోజులకు సరిపోతుంది అని ఎవరూ రాయరు. అవన్నీ ఉన్నట్టే లెక్క. ఇంటికి వచ్చేసరికి వాటిలో ఏదీ ఉన్నట్టు లెక్క కాదు. అందుకే ఇంటి దగ్గర రాసే నోట్‌లో రోగితో పాటు ఇల్లూ, చూసుకునే మనుషులూ, సామానూ కనిపించాలి.

ఒక ఇంటిని తీసుకుందాం. నిజానికి ఇది ఒక్క ఇల్లు కాదు, తెలంగాణ పల్లెల్లో పదేపదే ఎదురయ్యే సంగతులను కలిపి చెబుతున్నది. 68 ఏళ్ల పెద్దమ్మ. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ మనం చెప్పింది అర్థమవుతుంది. మూత్రానికి కాథెటర్ ఉంది. నడుము కింద, పిరుదుల మధ్య ఎముక మీద పుండు పడింది. హైదరాబాదులో ఉన్న కొడుకు ఎయిర్‌బెడ్ కొని పంపాడు. ఇంట్లో భర్త, కోడలు ఉంటారు.

ముందుగా పుండు సంగతి. 'పెద్దగా ఉంది' అని రాస్తే, నెల తర్వాత అది పెరిగిందో తగ్గిందో ఎవరూ చెప్పలేరు. తల నుంచి కాళ్ల వైపు పొడవు, దానికి అడ్డంగా వెడల్పు, దూదిపుల్ల లోపల ఎంతవరకు దిగిందో ఆ లోతు, ఈ మూడూ సెంటీమీటర్లలో కావాలి. ఏ పక్కకు తిప్పి కొలిచామో కూడా రాయాలి, ఎందుకంటే ఒళ్లు తిరిగే తీరును బట్టి పుండు ఆకారం సాగుతుంది. పెద్దమ్మకు గతసారి 4 × 3, లోతు 1. ఈసారి 4.5 × 3.5, లోతు 1.5. కొవ్వు పొర కనిపిస్తోంది, ఎముక కనిపించడం లేదు, అంటే మూడో దశ. ఎయిర్‌బెడ్ ఉండగా పుండు పెరిగింది.

కారణం కోసం గది చూడాలి. రేకుల ఇల్లు, మధ్యాహ్నం వేడి చెప్పనక్కర్లేదు. ఆ గదిలో కరెంటు ప్లగ్గు ఒక్కటే ఉంది. పగలు దానికి టేబుల్ ఫ్యాను పెడుతున్నారు, రాత్రి ఎయిర్‌బెడ్ మోటారు పెడుతున్నారు. ఎయిర్‌బెడ్ గొట్టాల్లో కొన్ని ఉబ్బుతూ, మిగతావి తగ్గుతూ ఉంటేనే ఒత్తిడి ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుంది. మోటారు ఆగితే అది మామూలు రబ్బరు గుడ్డే. పైగా మంచం నవారుది, మధ్యలో కిందికి దిగిపోయింది. పరుపు కింద, సరిగ్గా నడుము ఎముక ఉన్నచోట, అరచేయి పెట్టి చూడాలి. చేతికీ ఒంటికీ మధ్య అంగుళం మందం కూడా గాలి లేదనిపిస్తే ఆ పరుపు మోయడం లేదని అర్థం. ఈ పరీక్షకు పరికరం అక్కర్లేదు, అర నిమిషం చాలు. చేసినట్టు నోట్లలో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

మంచం కుడివైపు గోడకు ఆనించి ఉంది. పెద్దమ్మకు ఎడమ చెయ్యి బాగానే పనిచేస్తుంది. ఆ చెయ్యి చాచి మంచం కుడి అంచు పట్టుకుంటే సగం తనే తిరగగలదు. గోడ అడ్డం కాబట్టి పట్టుకోవడానికి అంచు అందదు, అటువైపు నిలబడి సాయం చేయడానికి మనిషీ పట్టడు. 'ఎయిర్‌బెడ్ వాడుతున్నారు' అని గత నోట్‌లో ఉంది. దాని బదులు 'ప్లగ్గు ఒకటే, పగలు 10 నుంచి 4 వరకు మోటారు ఆగి ఉంటుంది, మంచం గోడకు ఆని ఉంది' అని ఉంటే రెండు వారాల కిందే విషయం తేలిపోయేది.

ఇక చూసుకునే మనుషులు. 'రెండు గంటలకోసారి పక్క మార్చమని చెప్పాం' అనే వాక్యం నాకు బాధ కలిగిస్తుంది. ఎవరికి చెప్పాం? ఆ గంటల్లో ఇంట్లో ఉండేదెవరు? కోడలు పొద్దున తొమ్మిదికి పత్తి చేనుకు కూలికి వెళ్లి నాలుగు దాటాక వస్తుంది. పగలంతా ఉండేది 74 ఏళ్ల భర్త. ఆయనకు మోకాళ్ల నొప్పులు. కాబట్టి సలహా ఇచ్చామని రాయడం చాలదు. ఆయనతో చేయించి చూసి, కనిపించింది రాయాలి. పెద్దాయన అడ్డదుప్పటి పట్టుకుని లాగితే, ఆమె కూడా అంచు పట్టుకుంటే, కుడి పక్కకు ఒక్కడే తిప్పగలిగాడు. ఎడమ పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలి. ఇది తెలిశాక పగలు వెల్లకిలా, కుడి పక్కకు మార్చే పని ఆయనకూ, ఎడమ పక్కకు తిప్పేది కోడలు ఇంట్లో ఉన్న వేళలకూ ఏర్పాటు చేయవచ్చు. వెల్లకిలా ఉన్నంతసేపు బరువు ఆ పుండు మీదే పడుతుంది కనుక ఆ సమయం వీలైనంత తక్కువగా ఉండాలి. పక్షవాతం వచ్చిన భుజం శరీరం కింద నలగకుండా ముందుకు తీసి ఉంచాలని కూడా ఆయనకు చూపించాలి.

కోడలితో విడిగా, వాకిట్లోనో వంటగదిలోనో, రెండు నిమిషాలు మాట్లాడాలి. రోగి ముందు ఎవరూ తమ కష్టం చెప్పుకోరు. "రాత్రి మూడుసార్లు లేస్తున్న మేడం, పొద్దుగాల మళ్ల పనికి పోవాలె, నడుము పోతున్నది" అంటుంది. ఈ మాట ఆమె చెప్పినట్టే రాయాలి. దాన్ని 'కోడలు సహకరించడం లేదు' అని మార్చి రాస్తే, అది తీర్పు అవుతుంది, పైగా తప్పుడు తీర్పు. తర్వాత వచ్చే నర్సు ఆమెను మందలించడంతో మొదలుపెడుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇంట్లో వదిలే పుస్తకాన్ని అందరూ చదువుతారు. ఆమె రహస్యంగా చెప్పిన సంగతులు, అప్పులో, ఇంట్లో తాగుడో, దెబ్బలో ఏవైనా కానీ, కేంద్రంలో ఉండే ఫైలులోనే రాయాలి. ఇంటి పుస్తకంలో ఏం చేయాలో మాత్రమే ఉండాలి.

మూడోది సామాను. ఇక్కడ లెక్క చేయాలి. పోయినసారి రోజుకు ఒకటి చొప్పున 14 రోజులకు 14 గాజుగుడ్డ ప్యాకెట్లు ఇచ్చారు. 9 రోజులకే అయిపోయాయి. విరేచనమైనప్పుడు కట్టు తడిసి మళ్లీ మార్చాల్సి వస్తోంది. ఆ తర్వాత ఐదు రోజులు పాత చీర గుడ్డ చించి కట్టారు. 9 రోజుల్లో 14 ఖర్చయితే 14 రోజులకు దాదాపు 22 కావాలి. 'డ్రెస్సింగ్ సామాను ఇచ్చాం' అని రాస్తే ఈసారీ 14 ఇచ్చి వచ్చేస్తారు. ఎన్ని ఉన్నాయి, రోజుకెన్ని పడుతున్నాయి, ఏ తారీఖుకు అయిపోతాయి అనే మూడు సంగతులు రాసినప్పుడే అది ఉపయోగపడే లెక్క.

మాత్రలూ అంతే. బీపీ మాత్రలు 20 రోజుల క్రితం 30 ఇచ్చారు, రోజుకొకటి. 10 మిగలాలి, కానీ 17 ఉన్నాయి. అంటే ఏడు రోజులు వేయలేదు. అడిగితే కోడలు తొందరగా పనికి వెళ్లిన రోజుల్లో మరిచిపోయామన్నారు. మింగడం కష్టమై మానేశారా అన్నది కూడా పక్షవాతం రోగి విషయంలో అడిగి తెలుసుకోవాలి. కేన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడే ఇంట్లో ఈ లెక్క ప్రతిసారీ తప్పనిసరి. ఎన్ని మిగిలాయి, ఎక్కడ దాచారు, ఎవరు ఇస్తున్నారు అన్నవి రాయకుండా ఆ ఇల్లు వదలకూడదు.

కాథెటర్ గురించి నాలుగు ముక్కలు చాలు: వేసిన తేదీ, సైజు, రకం, బెలూన్‌లో ఎక్కించిన నీళ్లు. ఈ నాలుగూ లేకపోతే మరో నర్సు దాన్ని ఎప్పుడు మార్చాలో, తీసేముందు ఎంత నీరు వెనక్కి రావాలో ఊహించుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ కలిపి ఆ రోజు నోట్ ఇలా ఉండవచ్చు:

'పుండు 4.5 × 3.5 × 1.5 సెం.మీ., ఎడమ పక్కకు తిప్పి కొలిచాం, గతసారి కన్నా పెరిగింది. జ్వరం లేదు, చీము లేదు, చుట్టూ ఎరుపు లేదు. ఎయిర్‌బెడ్ పగలు 10–4 ఆగి ఉంటోంది (ప్లగ్గు ఒకటే), నవారు వంగి నడుము కింద గాలి లేదు. మంచం గోడకు ఆని ఉంది. యూరిన్ బ్యాగు నేలకు తగులుతోంది. భర్త కుడి పక్కకు తిప్పగలరు, ఎడమకు ఇద్దరు కావాలి. కోడలు పగలు ఇంట్లో ఉండరు, రాత్రి మూడుసార్లు లేస్తున్నారు. గాజుగుడ్డ 9 రోజులకే అయింది. బీపీ మాత్రలు ఏడు రోజులు వేయలేదు. కాథెటర్ 16 సైజు, సిలికాన్ పూత లేటెక్స్, బెలూన్ 10 మి.లీ., వేసిన తేదీ పై పేజీలో. అంచనా: పుండు పెరగడానికి ముఖ్య కారణం పగటి ఒత్తిడి, ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవు. చేయాల్సినవి: ఈరోజే మంచం గోడ నుంచి జరిపాం. నవారు బిగించడం లేదా చెక్క పలక వేయడం, ఎక్స్‌టెన్షన్ బోర్డు: కొడుకు, ఆదివారం లోగా. గాజుగుడ్డ 22 ఇచ్చాం. మాత్రలు రాత్రి అన్నం తర్వాత కోడలు వేస్తారు, వేళ మార్పు డాక్టరుతో మాట్లాడాం. మూడు రోజుల తర్వాత ఆశా కార్యకర్త ఫోన్ చేసి మోటారు నడుస్తోందా అడుగుతారు.'

ఇందులో 'సలహాలు ఇచ్చాం' అన్న మాటే లేదు. ప్రతి పనికీ ఒక మనిషి, ఒక తేదీ ఉన్నాయి. పుండు పెరిగిందనగానే యాంటీబయాటిక్ రాసేయకుండా ఆపింది కూడా ఈ నోటే, ఎందుకంటే కారణం గదిలో దొరికింది. ఇలాంటి నోట్ బండెక్కాక గుర్తు చేసుకుని రాస్తే కుదరదు. మంచం పక్కనే కూర్చుని రాసి, చేయాల్సిన పనుల భాగం ఇంట్లోవాళ్లకు చదివి వినిపించాలి. "ఆదివారం కొడుకు రాడమ్మా" అనే సంగతి అప్పుడే బయటపడుతుంది. దీనికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాల్సిన బృందానికి అది చిన్న సమయం కాదు. అందుకే మొదటి సందర్శనలో ఇంటి వివరాలన్నీ ఒక పేజీలో రాసుకుని, తర్వాత మారినవి మాత్రమే కలుపుకుంటూ పోవడం మేలు.

తెలంగాణలో జిల్లా పాలియేటివ్ కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలు ఇళ్లకు వెళుతున్నాయి. ఇతర చోట్ల స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు నర్సులు ఈ పని చేస్తున్నారు. మీ ఇంట్లో మంచానపడ్డ పెద్దలుంటే, వచ్చిన బృందం తాము రాసింది మీకు చదివి వినిపించేలా అడగండి. ఎవరూ రాకపోయినా ఈరోజే ఒక నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో కాథెటర్ వేసిన తేదీ, సైజు, బెలూన్ నీళ్లు, రోజూ వేసే మందులు, అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు రాసి, మంచం దగ్గర వేలాడదీయండి.