చుక్కల వెనక ముఖం

పాత పేపరు కట్టింగులోని ఫోటో తప్ప మరో ఆనవాలు మిగలని పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. సన్మానం జరిగిన రోజునో, పంచాయతీ సర్పంచిగా గెలిచినప్పుడో పేపర్లో వేసిన బొమ్మ అది. సంవత్సరీకానికి దాన్నే పెద్దది చేయించి పటం కట్టిద్దామని స్టూడియోకి తీసుకెళ్తారు. వాళ్లు స్కాన్ చేసి మూడింతలు పెంచి ఇస్తే ముఖం నిండా చుక్కలు, వాటి మీదుగా అలలు అలలుగా చారలు. ఫోటో పాడైపోయిందని చాలామంది అక్కడితో ఆశ వదిలేసుకుంటారు. నిజానికి ఆ ముఖం ఆ చుక్కల్లోనే ఉంది. బయటికి తీయడానికి ఒక వరుస ఉంది, అంతే.

అచ్చుయంత్రానికి బూడిదరంగు తెలియదు. నల్ల సిరా అంటించగలదు, లేదంటే కాగితాన్ని ఖాళీగా వదిలేయగలదు. అందుకే ఫోటోని చుక్కలుగా విడగొడతారు. నీడ ఉన్నచోట చుక్క పెద్దది, వెలుగున్నచోట చిన్నది. చుక్కల మధ్య దూరం మాత్రం మారదు. ఈ పద్ధతినే హాఫ్‌టోన్ అంటారు. లెటర్‌ప్రెస్ కాలపు పేపరు బ్లాకుల్లో అంగుళానికి 55 నుంచి 65 వరుసల చుక్కలు ఉండేవి. ఆఫ్‌సెట్ వచ్చాక పేపర్లలో అది 85, 100 దాకా పెరిగింది. నున్నటి కాగితం మీద వేసే మ్యాగజైన్లలో 133 నుంచి 150 దాకా ఉంటుంది. ఆ దూరం ఎక్కడా మారకపోవడమే మనకు దొరికిన ఆధారం. ముఖంలో ఏ గీతా అంత క్రమం తప్పకుండా తిరిగి తిరిగి రాదు, చుక్కలు మాత్రమే వస్తాయి.

పని చెడేది ఎక్కువగా స్కానర్ దగ్గరే. 85 వరుసల బొమ్మని 150 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో చుక్కకి రెండు పిక్సెళ్లు కూడా రావు. దోమతెర మీద ఇంకో దోమతెర పరిస్తే లేని అలలు కనిపిస్తాయే, అలా చుక్కల వరుసలూ పిక్సెళ్ల వరుసలూ ఒకదానిమీద ఒకటి పడి చారలు పుడతాయి. దీన్ని మోరే అంటారు. ఆ చారలు చుక్కల కంటే వెడల్పుగా ఉంటాయి, కంటి రెప్పంతా బుగ్గంతా పరుచుకుంటాయి. ఒకసారి స్కాన్‌లోకి దిగాక వాటిని ముఖం నుంచి విడదీయడం దాదాపు కుదరదు. కాబట్టి పేపరు బొమ్మకి 600 డీపీఐ, మ్యాగజైన్ బొమ్మకి 1200 పెట్టాలి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెన్ ఆన్‌లో ఉంటే తీసేయాలి. అది చుక్కల అంచుల్నే పదును పెడుతుంది. ఫైలుని టిఫ్‌గా దాచాలి, జేపెగ్‌గా కాదు. కట్టింగు వెనక నల్ల కాగితం పెడితే అవతలి పేజీ అక్షరాలు బొమ్మలోకి తొంగిచూడవు. మడతలు పడకుండా గాజు మీద చదునుగా అదమాలి. కాగితం ముడతపడితే చుక్కల దూరం అక్కడక్కడా మారిపోయి, మన ఆధారమే సడలిపోతుంది.

స్కానర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో డీస్క్రీన్ అని ఒక ఆప్షన్ చాలావాటిలో ఉంటుంది, న్యూస్‌పేపర్, మ్యాగజైన్ అని రెండు మూడు రకాలుగా. చిన్న సైజులో చూసుకోవడానికి అది చాలు. పటానికి పెంచేటప్పుడు మాత్రం అది కనురెప్పల్ని, మీసం వెంట్రుకల్ని కూడా మెత్తబరిచేస్తుంది. స్క్రీన్ ఎంతో మనమే కొలిచి, దాన్నే తీసేయడం మేలు.

ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున్న నలుపు తెలుపు బొమ్మ ఒకటి తీసుకుందాం. 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే 1417 అడ్డం, 1890 నిలువు పిక్సెళ్లు వస్తాయి. నలుపు తెలుపు బొమ్మకి రంగెందుకంటే, పాత న్యూస్‌ప్రింటు పసుపెక్కి ఉంటుంది. ఆ పసుపు నీలం చానల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు చానల్‌లో దాదాపు మాయమవుతుంది. ఉచితంగా దొరికే ImageJ ప్రోగ్రాంలో `Image > Color > Split Channels` నొక్కి ఎరుపుని మాత్రం ఉంచుకోండి. బొమ్మ చుట్టూ గీసిన నల్ల గీతని, కింది అక్షరాల్ని కత్తిరించేయండి.

ఇప్పుడు నుదుటి దగ్గర బాగా జూమ్ చేస్తే చుక్కలు 45 డిగ్రీల వాలులో వరుసకట్టి కనిపిస్తాయి. ఆ వాలు వెంటే లెక్కపెట్టాలి, అడ్డంగా లెక్కపెడితే దూరం తప్పొస్తుంది. పది చుక్కల దూరం దాదాపు 70 పిక్సెళ్లు ఉందనుకోండి, ఒక్కోదానికి ఏడు. 600ని ఏడుతో భాగిస్తే 85కి కాస్త పైన వస్తుంది. అంటే ఇది 85 వరుసల స్క్రీన్.

తర్వాత `Process > FFT > FFT` నొక్కితే ముఖం బదులు ఒక చీకటి చిత్రం వస్తుంది, నడిమధ్యన వెలుగు ముద్దతో. బొమ్మలో ఏ నమూనా ఎంత దూరానికోసారి తిరిగి వస్తోందో చెప్పే పటం అది. నెమ్మదిగా మారే వెలుగునీడలు మధ్యలో ఉంటాయి, సన్నటి వివరాలు బయటికి పోయేకొద్దీ. చుక్కలు మాత్రం నాలుగు మూలల దిక్కున, మధ్య నుంచి దాదాపు 290 పిక్సెళ్ల దూరాన, నాలుగు తెల్లటి నక్షత్రాల్లా తళతళలాడతాయి. అనుమానముంటే కర్సర్ అక్కడ పెట్టండి, కింద చూపించే అంకె ఏడు పిక్సెళ్లకి దగ్గరగా ఉండాలి. ఒక్కో నక్షత్రం మీద చిన్న వృత్తం గీసి నల్లరంగు నింపాలి. ఎదురెదురుగా ఉన్న జంట రెండిటినీ చెరపాలి. ఇంకా దూరాన మసకగా ఉన్న వాటి తోబుట్టువుల్ని కూడా. మధ్యలోని వెలుగు ముద్దని, దాన్నుంచి అడ్డంగా నిలువుగా సాగే గీతల్ని ముట్టుకోకూడదు, ముఖం అక్కడుంది. ఆపైన `Process > FFT > Inverse FFT`.

తెరమీద ముఖం మళ్లీ వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడాలనిపిస్తుంది. నుదురు చర్మంలా నున్నగా ఉంటుంది, కళ్లజోడు ఫ్రేము మాత్రం చెదరదు. ఏది తప్పిందో కూడా అక్కడే తెలుస్తుంది. నుదుటి మీద ఇంకా చిన్న గళ్లు కనిపిస్తుంటే ఒక నక్షత్రం వదిలేశారన్నమాట. తెల్ల చొక్కా కాలర్ పక్కన, జుట్టు అంచున నీటి తరగల్లాంటి గీతలు వస్తే వృత్తం మరీ పెద్దది గీశారు. వెనక్కి వెళ్లి చిన్నది గీయండి. చుక్కలు ఒకదానికొకటి అంటుకుపోయిన నల్ల నీడల్లో కొంచెం గరుకు మిగలడం మామూలే. దానికి ఒక పిక్సెల్ రేడియస్ గాసియన్ బ్లర్ ఇస్తే సరిపోతుంది. ఈ దారి కష్టమనిపిస్తే, నేరుగా మూడు పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చినా ఏడు పిక్సెళ్ల చుక్కలు పోతాయి. కానీ వాటితోపాటు రెప్పల వెంట్రుకలూ పోతాయి.

రంగుల మ్యాగజైన్ బొమ్మకి నాలుగు సిరాలు, నాలుగు కోణాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లని విడివిడిగా ఇలాగే శుభ్రం చేసి మళ్లీ కలపాలి. ఓపిక కావాలి.

పెంచడం అన్నిటికన్నా చివర. ముందు బొమ్మని సగానికి తగ్గించండి, అంటే 709 అడ్డం, 945 నిలువు. 85 వరుసల చుక్కలు మోసుకొచ్చిన సమాచారానికి ఈ పిక్సెళ్లు ధారాళంగా సరిపోతాయి, మిగిలిన గరుకు కూడా అణిగిపోతుంది. అప్పుడు కొద్దిగా అన్‌షార్ప్ మాస్క్ ఇచ్చి, మూడింతలు పెంచితే 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు పటానికి 300 డీపీఐ ప్రింటు వస్తుంది. ముఖం మరీ మైనంలా అనిపిస్తే కాస్త గ్రెయిన్ చల్లండి, కంటికి ఫోటోలా అనిపిస్తుంది.

ఆరు సెంటీమీటర్ల బొమ్మలో అడ్డంగా ఉన్నవి దాదాపు 200 చుక్కలే. ముఖం రెండు సెంటీమీటర్లుంటే దాని వాటా 67. ఎంత పెంచినా 67 చుక్కలు చెప్పినదానికన్నా ఎక్కువ ఆ ముఖం చెప్పదు. గోడమీది పటాన్ని నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి మూడింతలు చక్కగా ఉంటుంది. బల్లమీద పెట్టుకుని దగ్గర నుంచి చూసే ఫ్రేముకి రెండింతల దగ్గర ఆగిపోవాలి. ఆరడుగుల ఫ్లెక్సీ కావాలంటే మాత్రం ముఖాన్ని మధ్యలో చిన్నగా ఉంచి, చుట్టూ పేరు, సంవత్సరాలు పెద్ద అక్షరాలతో వేయించడమే నయం.